డెమో వీడియో స్క్రిప్టు: ఒక్కో స్టెప్‌కు ఒక్కో చిన్న వాక్యం

సాఫ్ట్‌వేర్ డెమో వీడియోల్లో తరచూ కనిపించే దృశ్యం ఇది. కర్సర్ ఒక బటన్ మీదికి వచ్చి ఆగిపోతుంది. గొంతు మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉంటుంది. కొన్నిసార్లు ఇది తిరగబడుతుంది: స్క్రీన్ మీద మూడు క్లిక్కులు అయిపోయినా గొంతు ఇంకా మొదటి క్లిక్కు దగ్గరే ఉంటుంది. చూసేవాళ్లు వీడియో ఆపి పది సెకన్లు వెనక్కి వెళ్తారు, మళ్లీ ఆపుతారు, మళ్లీ వెళ్తారు. మైకు బాగానే ఉంటుంది, రికార్డింగ్ స్పష్టంగానే ఉంటుంది, చెప్పే మనిషికి విషయం బాగా తెలుసు. లోపమంతా స్క్రిప్టులో ఉంటుంది. ఆ స్క్రిప్టు చదువుకోవడానికి రాసిన పేరా. స్క్రీన్‌తో కలిసి నడవడానికి రాసింది కాదు.

ఈ లోపాన్ని ఎడిటింగ్ దశలోనే సరిచేయవచ్చు. పద్ధతి చిన్నదే: స్క్రీన్ మీద జరిగే ఒక్కో స్టెప్‌కు ఒక్కటే చిన్న వాక్యం ఉండాలి. వినడానికి తేలిగ్గా అనిపిస్తుంది కానీ, కూర్చుని చేయబోతే రెండు ప్రశ్నలు అడ్డం వస్తాయి. స్టెప్ అంటే ఏది? చిన్న వాక్యం అంటే ఎంత? ఈ రెండూ తేల్చుకోకుండా పేరాను ముక్కలు చేసుకుంటూ పోతే ముక్కలు మిగులుతాయి తప్ప డెమో రాదు.

ఒక స్క్రిప్టును తీసుకుని మొదటి నుంచి చివరి దాకా ఎడిట్ చేస్తే సంగతి తెలుస్తుంది. ఎక్సెల్‌లో ఒక కాలమ్‌కు డ్రాప్‌డౌన్ జాబితా పెట్టడం చూపించే వీడియో అనుకుందాం. పనుల పట్టికలో "స్థితి" అనే కాలమ్ ఉంది. అందులో మొదలుకాలేదు, జరుగుతోంది, పూర్తయింది అనే మూడు మాటలే ఉండాలి. విషయం తెలిసిన మనిషి రాసిచ్చిన స్క్రిప్టు ఇలా ఉంది:

"ముందుగా మీరు ఈ స్థితి అనే కాలమ్‌లో ఉన్న సెల్స్ అన్నింటినీ సెలెక్ట్ చేసుకుని, పైన ఉన్న Data అనే ట్యాబ్‌లోకి వెళ్లి, అక్కడ Data Validation అనే ఆప్షన్ మీద క్లిక్ చేసినట్లయితే మనకు ఒక విండో ఓపెన్ అవ్వడం జరుగుతుంది. ఈ విండోలో Allow అనే దాని కింద ఉన్న డ్రాప్‌డౌన్‌లో List అనేది సెలెక్ట్ చేసుకుని, Source అనే బాక్స్‌లో మనకు కావలసిన విలువలను కామాలతో వేరు చేస్తూ టైప్ చేసి OK చేస్తే సరిపోతుంది. దీనివల్ల టైపింగ్ తప్పులు రాకుండా ఉంటాయి, ఎందుకంటే జాబితాలో లేని విలువను ఎక్సెల్ అంగీకరించదు."

ఇందులో వాక్యాలు మూడే. తప్పు సమాచారం కూడా పెద్దగా ఏమీ లేదు, చివరి మాట తప్ప. దాని సంగతి తర్వాత. ముందు ఈ మూడు వాక్యాలూ ఎందుకు పనికిరావో చూడాలి.

పేరా పక్కన పెట్టి, స్క్రీన్ చూసి లెక్కపెట్టాలి

ఎడిట్ చేసేవాళ్లు సాధారణంగా చేసే మొదటి పొరపాటు, పేరాను ముందు పెట్టుకుని కామా ఉన్న చోటల్లా విరవడం. అలా విరిస్తే రాసిన మనిషి మనసులోని స్టెప్పులు వస్తాయి. స్క్రీన్ మీది స్టెప్పులు రావు. ఈ రెండూ ఒకటి కావు. రోజూ ఆ సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే మనిషి చేతికి కొన్ని క్లిక్కులు ఎంత అలవాటై ఉంటాయంటే, అవి ఉన్నాయన్న సంగతే రాసేటప్పుడు గుర్తుకు రాదు.

అందుకే ముందు ఆ పనిని ఒకసారి మామూలు వేగంతో చేస్తూ, నేరేషన్ లేకుండా స్క్రీన్ రికార్డు చేయాలి. OBS Studio లాంటి ఉచిత టూల్ ఏదైనా సరిపోతుంది. తర్వాత ఆ రికార్డింగ్‌ను ఆపుతూ ఆపుతూ చూసి, స్క్రీన్ మీద ఏదైనా మారిన ప్రతిచోటా సమయం రాసుకోవాలి. కాగితం మీద రెండు నిలువు గడులు ఉంటే చాలు. ఎడమవైపు స్క్రీన్ మీద ఏం మారిందో రాయాలి, కుడివైపు ఇంకా ఖాళీగా ఉంచాలి. పేరాను ఈ దశలో అసలు తెరవకపోవడమే మంచిది.

ఎక్సెల్ ఉదాహరణలో ఇలా చేసినప్పుడు పేరాలో లేని సంగతి ఒకటి బయటపడుతుంది. Data Validation అనేది రిబ్బన్ మీద రెండు భాగాలుగా ఉండే బటన్. బొమ్మ మీద నొక్కితే విండో నేరుగా తెరుచుకుంటుంది. పక్కనే ఉన్న చిన్న బాణం మీద నొక్కితే ముందు ఒక మెనూ వస్తుంది, అందులో మళ్లీ Data Validation అన్నది ఎంచుకోవాలి. రికార్డు చేసిన మనిషి అలవాటుగా బాణం మీద నొక్కి ఉంటే వీడియోలో ఒక మెనూ తెరుచుకుని మూసుకుంటుంది. స్క్రిప్టులో మాత్రం "ఆప్షన్ మీద క్లిక్ చేస్తే విండో ఓపెన్ అవుతుంది" అని ఉంటుంది. చూసేవాళ్లకు ఆ మెనూ ఎక్కడి నుంచి ఊడిపడిందో అర్థం కాదు. దీనికి మందు ఇంకో వాక్యం రాయడం కాదు. బొమ్మ మీదే నొక్కుతూ మళ్లీ రికార్డు చేయడం. స్క్రిప్టు ఎడిటింగ్‌లో చాలా భాగం ఇలా రికార్డింగ్‌ను సరిదిద్దడంగా మారుతుంది. మారాలి కూడా.

ఇక స్టెప్ అంటే ఏది? ప్రతి క్లిక్కునూ స్టెప్ అనుకుంటే వీడియో నత్తనడక నడుస్తుంది. Allow అన్న చోట డ్రాప్‌డౌన్ తెరవడం ఒక క్లిక్కు, అందులో List ఎంచుకోవడం ఇంకో క్లిక్కు. కానీ చూసేవాళ్లు అక్కడ తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఏది ఎంచుకోవాలి అన్నది. కాబట్టి అది ఒకటే స్టెప్. దీనికి విరుద్ధంగా OK నొక్కడం ఒకటే క్లిక్కు అయినా అక్కడ రెండు సంగతులు ఉన్నాయి. విండో మూసుకోవడం ఒకటి, సెల్ పక్కన చిన్న బాణం కనిపించడం ఇంకొకటి. రెండోదే ఈ వీడియో మొత్తానికీ ఫలితం. పైగా ఎక్సెల్‌లో ఆ బాణం అన్ని సెల్స్ పక్కనా కనిపించదు, అప్పుడు ఏ సెల్ మీద ఉన్నామో దాని పక్కనే కనిపిస్తుంది. ఎవరూ చెప్పకపోతే చూసేవాళ్ల కన్ను అటు వెళ్లదు, పని జరగలేదని అనుకుంటారు. కాబట్టి అక్కడ రెండు వాక్యాలు కావాలి.

అంటే స్టెప్‌ను కొలిచేది క్లిక్కుల సంఖ్య కాదు. చూసేవాళ్లు ఒక నిర్ణయం తీసుకోవాల్సిన చోటు, లేదా ఒక మార్పును గమనించాల్సిన చోటు, అదీ స్టెప్. రెండూ లేని కదలికలు, అంటే కాస్త స్క్రోల్ చేయడం, అడ్డం వచ్చిన విండోను పక్కకు జరపడం లాంటివి, మౌనంగా జరిగిపోవచ్చు. వాటికి వాక్యం పెట్టాలన్న పట్టుదల అనవసరం. వీలైతే అలాంటివి వీడియోలోంచి తీసేయడం ఇంకా మంచిది.

అసమాపక క్రియను వెతకాలి

తెలుగులో డెమో స్క్రిప్టు ఎడిట్ చేసేవాళ్లకు భాషే ఒక గుర్తును ఇస్తుంది. పై పేరాలో "చేసుకుని", "వెళ్లి", "టైప్ చేసి" అనే మాటలు ఎన్నిసార్లు వచ్చాయో చూడండి. తెలుగులో ఎన్ని పనులనైనా ఇలా అసమాపక క్రియలతో గొలుసుగా కట్టి, చివరికి ఒక్క సమాపక క్రియతో వాక్యం ముగించవచ్చు. కథ చెప్పడానికి ఇది చాలా బాగుంటుంది. డెమోకు మాత్రం ఇదే ముప్పు. "సెలెక్ట్ చేసుకుని" అన్న దగ్గర స్క్రీన్ మీద ఒక స్టెప్ పూర్తయింది, కానీ వాక్యం పూర్తి కాలేదు. వినేవాళ్ల చెవి వాక్యం చివరికోసం ఎదురుచూస్తూ ఉంటుంది, కన్నేమో తర్వాతి స్టెప్‌కు వెళ్లాల్సి వస్తుంది.

కాబట్టి పేరాలో "-ఇ", "-ని" అని ముగిసే ప్రతి క్రియ కిందా గీత గీయాలి. అక్కడ దాదాపు ఎప్పుడూ ఒక స్టెప్ దాక్కుని ఉంటుంది. దాన్ని "-అండి"గా మార్చి చుక్క పెడితే ఆ స్టెప్ విడివడుతుంది. "సెల్స్ సెలెక్ట్ చేసుకుని, Data ట్యాబ్‌లోకి వెళ్లి" అన్నది "సెల్స్ ఎంచుకోండి. Data ట్యాబ్ నొక్కండి." అవుతుంది. మినహాయింపులు లేకపోలేదు. "Ctrl పట్టుకుని నొక్కండి" అన్నప్పుడు పట్టుకోవడం వేరే స్టెప్ కాదు, నొక్కే తీరు. అలాంటివి విడదీస్తే అర్థమే చెడుతుంది.

"చేసినట్లయితే", "అవ్వడం జరుగుతుంది" అన్నవి వేరే రకం. వీటిలో స్టెప్ ఏదీ లేదు, ఉత్త బరువే. "విండో ఓపెన్ అవ్వడం జరుగుతుంది" అంటే "విండో వస్తుంది" అనే. ఆ విండో స్క్రీన్ మధ్యలో ఎలాగూ కనిపిస్తోంది కాబట్టి ఆ మాట కూడా అక్కర్లేదు. "ముందుగా", "మీరు", "మనకు", "అక్కడ", "అనే ఆప్షన్" ఇవన్నీ కూడా పోవచ్చు. "Data అనే ట్యాబ్" కంటే "Data ట్యాబ్" చాలు. అయితే "పైన" లాంటి చోటు చెప్పే మాటలను తొందరపడి కొట్టేయకూడదు. రిబ్బన్ మీద పదుల కొద్దీ బటన్లు ఉంటాయి. కన్ను ఎటు తిరగాలో ముందే చెప్పే ఒక్క మాట, కర్సర్ కోసం వెతుక్కునే అవసరాన్ని తప్పిస్తుంది.

తెలుగు వాక్యనిర్మాణం ఇక్కడ ఇంకో మేలు చేస్తుంది. దీన్ని వాడుకోనివాళ్లే ఎక్కువ. తెలుగులో చోటు ముందు వస్తుంది, వస్తువు తర్వాత వస్తుంది, పని చివర వస్తుంది. "Allow కింద List ఎంచుకోండి." కన్ను కూడా సరిగ్గా అలాగే నడుస్తుంది: ముందు Allow వెతుక్కుంటుంది, దాని కింద List చూస్తుంది, తర్వాత క్లిక్కును గమనిస్తుంది. కాబట్టి వాక్యం మొదలైనప్పుడే కర్సర్ కదలాలి, "ఎంచుకోండి" అన్న మాట దగ్గర క్లిక్కు పడాలి. ఇంగ్లిషు స్క్రిప్టును అనువదించిన డెమోల్లో ఈ లెక్క తప్పుతుంది. ఇంగ్లిషులో క్రియ మొదట వస్తుంది కాబట్టి వీడియోలో క్లిక్కు వాక్యం మధ్యలోనే పడిపోతుంది. దాని మీద తెలుగు గొంతు పెడితే క్లిక్కు జరిగిపోయాక "నొక్కండి" అని వినిపిస్తుంది. అనువాదం ఎంత బాగున్నా ఆ తేడా చెవికి తగులుతూనే ఉంటుంది. అలాంటి వీడియోకు మాటలు మార్చి లాభం లేదు, క్లిక్కుకు ముందు ఫ్రేమును కాస్త ఆపి ఉంచాలి.

ఎంత చిన్నది అంటే

చిన్న వాక్యానికి కొలత మాటల సంఖ్యలో పెట్టుకుంటే తెలుగులో మోసపోతాం. "ఎంచుకోవాల్సివస్తుంది" ఒకే మాట, "OK నొక్కు" రెండు మాటలు. పలకడానికి పట్టే సమయం చూస్తే మొదటిది రెండో దానికి రెట్టింపు. మాటలకు బదులు పలికే అక్షరాలు లెక్కపెట్టడం నయం. డెమోకు తగినట్టు నింపాదిగా, స్పష్టంగా చదివితే సెకనుకు సుమారు ఐదు అక్షరాలు వస్తాయనుకుని మొదలుపెట్టవచ్చు. ఇది అంచనా మాత్రమే. గొంతు ఇచ్చే మనిషి ఒక పది వాక్యాలు చదివి, పట్టిన సమయంతో అక్షరాలను భాగిస్తే సొంత లెక్క తెలిసిపోతుంది.

సెల్స్ ఎంచుకునే స్టెప్‌నే తీసుకుందాం. C2 నుంచి C20 వరకు మౌస్‌తో లాగడానికి రికార్డింగ్‌లో రెండున్నర సెకన్లు పట్టింది. మొదటి ప్రయత్నంగా "స్థితి కాలమ్‌లో C2 నుంచి C20 వరకు ఎంచుకోండి" అని రాస్తే పలికేటప్పుడు పంతొమ్మిది అక్షరాలు అవుతాయి, దాదాపు నాలుగు సెకన్లు. లాగడం అయిపోయినా గొంతు ఇంకా "వరకు" దగ్గరే ఉంటుంది. "స్థితి కాలమ్ ఎంచుకోండి" అంటే సమయం సరిపోతుంది కానీ అర్థం తప్పుతుంది. చూసేవాళ్లు కాలమ్ పేరు మీద నొక్కి శీర్షికతో సహా మొత్తం ఎంచుకుంటారు, అప్పుడు శీర్షిక సెల్‌కు కూడా డ్రాప్‌డౌన్ వచ్చేస్తుంది. "స్థితి కింద ఉన్న సెల్స్ ఎంచుకోండి" అంటే పదకొండు పన్నెండు అక్షరాలు. స్క్రీన్ మీద జరిగేది ఇదే, సమయమూ సరిపోతుంది. పైగా చూసేవాళ్ల పట్టికలో వరుసలు ఇరవై ఉన్నా రెండు వందలు ఉన్నా ఈ మాట చెల్లుతుంది. చిన్నది చేయాలన్న ఒత్తిడి వల్లే ఈ మంచి వాక్యం దొరికింది. కానీ మధ్యలో వచ్చిన తప్పు వాక్యం కూడా ఆ ఒత్తిడి వల్లే వచ్చింది. కుదించిన ప్రతి వాక్యాన్నీ చెప్పింది చెప్పినట్టు చేసి చూడాలి అనేది అందుకే.

వాక్యం స్టెప్ కంటే పొట్టిగా ఉంటే నష్టం లేదు. మిగిలిన సెకను మౌనంగా ఉండనివ్వాలి. ఆ మౌనంలోనే చూసేవాళ్లు తమ స్క్రీన్ వైపు చూస్తారు, మౌస్ కదుపుతారు. ఖాళీ కనిపించగానే ఏదో ఒకటి నింపాలన్న టెన్షన్ స్క్రిప్టు రాసేవాళ్లందరికీ ఉంటుంది. "ఇలా చాలా సులభంగా చేసుకోవచ్చు" లాంటి మాటలు పుట్టేది అక్కడే. వాక్యం స్టెప్ కంటే పొడుగైనప్పుడే ఇబ్బంది. అప్పుడు ముందు మాటలు తగ్గించాలి. అయినా కుదరకపోతే అది రెండు స్టెప్పులేమోనని అనుమానించాలి. చివరికి తప్పదనుకుంటే ఫ్రీజ్ ఫ్రేమ్‌తో వీడియోను సాగదీయాలి. సాగదీసిన చోట కర్సర్‌ను గుండ్రంగా తిప్పడం మాత్రం వద్దు. కదిలే ప్రతిదాన్నీ కన్ను ఒక సూచనగానే తీసుకుంటుంది.

మూడు మాటలు టైప్ చేసే స్టెప్ దీనికి తలకిందులు. తెలుగులో ఆ మూడు మాటలూ కామాలతో సహా టైప్ చేయడానికి పదిహేను సెకన్లయినా పట్టవచ్చు. టైప్ అవుతున్న అక్షరాలను గొంతుతో చదవడం పనికిరాదు. చూసేవాళ్లు వాటిని చదువుతూనే ఉంటారు. ఇక్కడ కొత్తగా తెలియాల్సింది కామా ఒక్కటే. "Source లో మూడు మాటలూ కామాలతో రాయండి" అంటే మూడు సెకన్లు. వీడియోలో మొదటి మాట మామూలు వేగంతో ఉంచి, మిగతాది వేగం పెంచి ఆ మూడు నాలుగు సెకన్లలో ఇమడ్చాలి. పూర్తయిన వరుస మీద ఒక సెకను ఆగాలి, ఎందుకంటే కామాలు ఎక్కడ పడ్డాయో కన్ను చూసుకునేది అప్పుడే.

గొంతు, స్క్రీన్ కలిసి నడవాలన్న ఈ పట్టింపు ఒట్టి అభిరుచి కాదు. బొమ్మలూ మాటలూ కలిపి నేర్చుకోవడం మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్, బొమ్మ, దాన్ని వివరించే మాట ఒకేసారి అందితే విడివిడిగా అందిన దానికంటే బాగా అర్థమవుతుందని చూపించారు. ముందు విన్నది గుర్తుపెట్టుకుని తర్వాత చూసిన దానితో కలుపుకోవడానికి మనసులో ఉన్న కాస్త జాగా ఖర్చైపోతుంది. ఆ పరిశోధనల్లోనే ఒక మినహాయింపు కూడా ఉంది. ముక్కలు బాగా చిన్నవైతే మాట, బొమ్మ ఒకదాని వెనక ఒకటి వచ్చినా నష్టం తగ్గుతుంది. ఎడిటర్లకు ఇది ఊరట. వాక్యం పన్నెండు అక్షరాలే అయితే గొంతు అర సెకను అటూఇటూ అయినా చూసేవాళ్లు తట్టుకోగలరు. నలభై అక్షరాల వాక్యంలో ఆ వెసులుబాటు లేదు.

"ఎందుకు" ఎక్కడ చెప్పాలి

ఒక్కో స్టెప్‌కు ఒక్కో వాక్యం అన్న పద్ధతి మీద న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. ఎక్కడ నొక్కాలో మాత్రమే చెబుతూ పోతే, ఎందుకు నొక్కుతున్నామో ఎవరు చెబుతారు? పాత పేరా చివరి వాక్యం చేసిన పని అదే. కారణం చెప్పడం అవసరమే. కానీ నొక్కే వాక్యానికి దాన్ని తోకగా తగిలించకూడదు. కారణానికి దాని సొంత స్టెప్ ఉండాలి, ఆ సమయంలో స్క్రీన్ మీద ఆ కారణం కనిపిస్తూ ఉండాలి.

ఈ వీడియోలో అయితే మొదట పాత పట్టికను చూపించవచ్చు. అందులో ఒకచోట "పూర్తయింది", ఇంకోచోట "పూర్తి అయింది", మరోచోట "అయిపోయింది" అని ఉంటాయి. స్క్రీన్ కదలదు, కర్సర్ కనిపించదు. గొంతు ఒక్క మాట అంటుంది: "ఒకే సంగతిని ముగ్గురు మూడు రకాలుగా రాశారు." అంతే, ఖాళీ కాలమ్ ఉన్న కొత్త పట్టికకు కట్ చేయాలి. ఖాళీదే ఎందుకంటే, ముందే రాసి ఉన్న విలువలను డేటా వాలిడేషన్ మార్చదు, వాటి ప్రస్తావన తేవాలంటే ఇంకో వీడియో కావాలి. ఆ రెండో మూడో సెకన్ల నిశ్చలమైన దృశ్యం, "టైపింగ్ తప్పులు రాకుండా ఉంటాయి" అన్న హామీ కంటే గట్టిగా పనిచేస్తుంది.

చివర్లో కూడా అంతే. "జాబితాలో లేని విలువను ఎక్సెల్ అంగీకరించదు" అన్న వాక్యాన్ని స్క్రీన్‌తో జత చేయబోతే, అది నిజంగా ఎక్కడ కనిపిస్తుంది అన్న ప్రశ్న వస్తుంది. కనిపించాలంటే జాబితాలో లేని మాట ఒకటి టైప్ చేసి Enter నొక్కాలి. అప్పుడు "This value doesn't match the data validation restrictions defined for this cell." అని ఒక పెట్టె వస్తుంది. అక్కడి దాకా వస్తే పాత వాక్యంలోని లోపం తెలుస్తుంది. ఎక్సెల్ ఆపేది టైప్ చేసినప్పుడే. వేరే చోట కాపీ చేసిన సెల్‌ను తెచ్చి ఇక్కడ పేస్ట్ చేస్తే ఆపదు, పైగా ఆ సెల్‌కు పెట్టిన నియమమే చెరిగిపోవచ్చు. "అంగీకరించదు" అన్నది అవసరానికి మించిన మాట. "వేరే మాట టైప్ చేస్తే ఎక్సెల్ ఆపుతుంది" అన్నది స్క్రీన్ చూపించినంతే చెబుతుంది. ఈ పద్ధతికి ఉన్న గొప్ప గుణం బహుశా ఇదే. స్క్రీన్ మీద ఏదో ఒక చోట నిలబడలేని వాక్యానికి స్క్రిప్టులో చోటు దొరకదు.

అన్నీ కలిపితే పేరా ఇలా మారింది. ఇందులో ఒక్కో వరుస స్క్రీన్ మీద ఒక్కో స్టెప్.

ఒకే సంగతిని ముగ్గురు మూడు రకాలుగా రాశారు.
స్థితి కింద ఉన్న సెల్స్ ఎంచుకోండి.
పైన Data ట్యాబ్ నొక్కండి.
Data Validation నొక్కండి.
Allow కింద List ఎంచుకోండి.
Source లో మూడు మాటలూ కామాలతో రాయండి.
OK నొక్కండి.
సెల్ పక్కన బాణం వచ్చింది.
బాణం నొక్కితే మూడు మాటలూ కనిపిస్తాయి.
వేరే మాట టైప్ చేస్తే ఎక్సెల్ ఆపుతుంది.

పది వాక్యాలు, ముప్పై నలభై సెకన్ల వీడియో. చదివితే పొడిపొడిగా అనిపిస్తుంది. "నొక్కండి" మళ్లీ మళ్లీ వస్తోందని, ఒకసారి "క్లిక్ చేయండి" అని, ఇంకోసారి "ప్రెస్ చేయండి" అని మార్చాలనిపిస్తుంది. మార్చకూడదు. ఒకే పనికి రెండు మాటలు వాడితే అవి రెండు వేర్వేరు పనులేమోనని కొత్తవాళ్లు ఆగుతారు. ఇక్కడ నొక్కడం అంటే బటన్, ఎంచుకోవడం అంటే జాబితా లేదా సెల్స్, రాయడం అంటే కీబోర్డు, ఆ తేడా చివరిదాకా నిలిచింది. విసుగును పోగొట్టేది ఫలితం చెప్పే వాక్యం. వరుసగా ఆరు ఆజ్ఞల తర్వాత "బాణం వచ్చింది" అన్న చోట గొంతు తీరే మారుతుంది, వినేవాళ్లకు ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది. ఆరు కంటే ఎక్కువ ఆజ్ఞలు వరుసగా వస్తున్నాయంటే మధ్యలో చెప్పదగ్గ ఫలితం ఏదో తప్పిపోయిందేమో రికార్డింగ్‌లో వెతకాలి.

సరిగ్గా కుదిరిందో లేదో తెలిసేది ఎలా

మొదటి పరీక్ష వీడియో లేకుండా వినడం. కళ్లు మూసుకుని పది వాక్యాలూ వింటే పని ఏమిటో, ఎక్కడ ఏం నొక్కాలో తెలియాలి. "ఇక్కడ నొక్కండి", "దీన్ని ఎంచుకోండి" లాంటి వాక్యాలు ఈ పరీక్షలో వెంటనే దొరికిపోతాయి. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో ఇదే పని చేయాలనుకుంటే వాళ్లకు కావాల్సింది బటన్ పేరు. "ఇక్కడ" అన్న మాట వాళ్లకు ఏమీ చెప్పదు. బటన్ పేరు స్క్రీన్ మీద ఎలా ఉంటే గొంతులోనూ అలాగే ఉండాలి. స్క్రీన్ మీద Source అని ఉంటే దాన్ని "మూలం" అని అనువదించి చెప్పడం వల్ల భాషకు మేలు జరగదు, చూసేవాళ్లు మూలం కోసం వెతుకుతారు.

రెండో పరీక్షకు ఇంకో మనిషి కావాలి, ఆ పని ఇంతకు ముందు చేయని మనిషి. వీడియో చూపించకుండా వాక్యాలు మాత్రం ఒక్కొక్కటిగా చదివి వినిపిస్తూ, చెప్పింది చెప్పినట్టు చేయమనాలి. ఎక్కడ ఆగారో చూడాలి తప్ప సాయం చేయకూడదు. ఎక్సెల్ విండో చిన్నగా ఉన్నప్పుడు Data Validation పేరు కనిపించదు, బొమ్మ మాత్రమే ఉంటుంది. పెద్ద మానిటర్ మీద రికార్డు చేసినవాళ్లకు ఈ సంగతి తట్టదు, చిన్న లాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి నాలుగో వాక్యం దగ్గర ఆగినప్పుడే తెలుస్తుంది. దీనికి వాక్యం పెంచనక్కర్లేదు, వీడియోలో ఆ బటన్‌ను పెద్దది చేసి చూపిస్తే బొమ్మను బట్టి గుర్తుపడతారు.

వాక్యాలు ఈ కొలతకు వచ్చాక సబ్‌టైటిల్స్ దాదాపు వాటంతటవే తయారవుతాయి. ఒక స్టెప్, ఒక వాక్యం, ఒక సబ్‌టైటిల్. SRT ఫైల్లో ఐదో వాక్యం ఇలా ఉంటుంది:

```
5
00:00:14,000 --> 00:00:16,800
Allow కింద List ఎంచుకోండి.
```

వాక్యం పలకడానికి రెండు సెకన్లే పట్టినా సబ్‌టైటిల్‌ను స్టెప్ ముగిసేదాకా ఉంచవచ్చు, చదివేవాళ్లకు ఆ కాస్త అదనపు సమయం పనికొస్తుంది. పాత పేరాకు ఇదే పని చేయబోతే ఒక వాక్యాన్ని నాలుగైదు సబ్‌టైటిల్స్‌గా విరవాల్సి వచ్చేది, ప్రతి విరుపూ క్రియకు ముందే పడేది.

గొంతు రికార్డు చేసేటప్పుడు కూడా ఒక్కో వాక్యాన్నీ వేరే ఫైలుగా ఉంచి, స్టెప్ సంఖ్యనే పేరుగా పెట్టడం మంచిది: `05.wav`, `06.wav` అలా. అయితే పదింటినీ ఒకే కూర్చోవడంలో, వరుసగా చదివాకే ముక్కలు చేయాలి. రోజుకొకటి చదివితే గొంతు ఎత్తు, మైకుకు దూరం మారి అతుకులు వినిపిస్తాయి. గదిలో ఎవరూ మాట్లాడని మౌనాన్ని కూడా ఒక అర నిమిషం రికార్డు చేసి దాచుకోవాలి. వాక్యాల మధ్య ఖాళీల్లో ఆ మౌనాన్నే పరిస్తే శబ్దం తెగిపోయినట్టు అనిపించదు. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో ఏదైనా బటన్ పేరో చోటో మారితే అప్పుడు ఆ ఒక్క ఫైలు, దాని మీది రెండు మూడు సెకన్ల వీడియో, SRTలో ఒక వరుస మారిస్తే చాలు. మిగతా తొమ్మిదింటినీ ముట్టుకోనక్కర్లేదు.